బాపును తిన్న రేకులు

ఇంట్లో నాకు అప్పజెప్పిన మొదటి పని బాపు బట్టలు దులపడం. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాళ్లం మేం. యాభై ఆరులో నన్ను బడిలో వేశారు, ఆ ఏడే ఈ పని కూడా నా మీద పడింది. పొద్దుగూకే వేళకు బాపు సైకిల్ దిగి, వాకిట్లోనే అంగీ విప్పి నా మీదికి విసిరేవాడు. నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని దర్వాజ పక్కనున్న బండకేసి కొట్టేదాన్ని. తెల్లటి దుమ్ము గుప్పుమని లేచేది. నా జుట్టూ కనుబొమలూ తెల్లబడేవి. "అవ్వా, ముసలమ్మ వచ్చింది సూడే!" అని అన్న ఎగతాళి చేసేవాడు. బాపు కూడా పడీపడీ నవ్వేవాడు. ఆ నవ్వులు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

బాపు సిమెంటు రేకులు కప్పేవాడు. అలలు అలలుగా ఉండే ఆ బూడిదరంగు రేకులు మా బోధన్ చుట్టుపక్కల ఎక్కడ చూసినా ఉండేవి. బియ్యం మిల్లులు, గోదాములు, గానుగ షెడ్లు, కాస్త ఉన్నవాళ్ల ఇళ్లు, అన్నీ వాటి కిందే. నిజాం రోజుల నుంచే బాపుకు ఆ పనిలో చెయ్యి తిరిగింది. రెండు ఇటుకల మీద రేకు పెట్టి, మోకాలితో అదిమి, రంపంతో కోసేవాడు. గిర్మిట్‌తో రంధ్రాలు పెట్టి, కొక్కెం బోల్టులు దించి వాసాలకు బిగించేవాడు. కోసేటప్పుడు లేచే పొడి నేరుగా ముఖంలోకి వచ్చేది. మధ్యమధ్య నోటితో ఊది గీత కనబడేలా చేసుకునేవాడు. సిమెంటే కదా, ఏమవుతుందిలే అనుకునేవాళ్లు అందరూ. ఆ సిమెంటులో రాతినార కలుస్తుందని మాకెవరు చెప్పారు?

బాపుకు పని ఇచ్చేది సేటు. ఎడపల్లి బాట మీద అతనికి పెద్ద బెల్లం గోదాము ఉండేది. గానుగల దగ్గర బెల్లం కొని, ధర లేచేదాకా అందులో పేర్చి పెట్టేవాడు. దాంతో పాటు పైకప్పుల గుత్త పట్టేవాడు. తెల్లటి ధోవతి, నోట్లో పాన్, ఎవరితో మాట్లాడినా "మనోడివి గదా" అనే పలకరింపు. మా అవ్వకు అతనంటే దేవుడి తర్వాత దేవుడు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఎందుకో ఆ మనిషి పొడ గిట్టేది కాదు. పెద్దయ్యాక కారణం తెలిసింది.

ఏటా ఎండలు ముదిరే ముందు ఆ గోదాము మీద ఒక పని ఉండేది. రేకులు కాగితే లోపల బెల్లం చెమర్చి జారిపోతుంది. అందుకని పైన సున్నం వెయ్యాలి. కొత్త సున్నం పట్టాలంటే పాత సున్నం, వానాకాలం పట్టిన పాకురు గీకాలి. బాపు ఇనుప బ్రష్ పట్టుకుని, వాసాలు ఉన్న చోట చూసి కాలు వేస్తూ, దినాలకు దినాలు గీకేవాడు. నీళ్లు చల్లి గీకితే దుమ్ము లేవదని తెలియనిదెవరికి? కానీ మా దిక్కు బెల్లం గోదాముల మీదికి నీళ్లు ఎక్కించరు. బోల్టు సందులోంచి చెంచాడు నీరు దిగినా కింద బెల్లం దిమ్మె మొత్తం పాడవుతుందని భయం. సున్నం కూడా అంబలి కంటే చిక్కగా కలిపి అద్దాల్సిందే. కాబట్టి గీకుడంతా పొడి గీకుడే. బెల్లం కోసం నీళ్లు వద్దన్నారు. మనిషి ఊపిరి సంగతి ఎవరూ అడగలేదు.

నేను ఆరో తరగతికి వచ్చేసరికి బాపుకు ఆయాసం మొదలైంది. ముందు నిచ్చెన ఎక్కితే వచ్చేది, తర్వాత సైకిల్ తొక్కితే, ఆఖరికి అన్నం కలుపుకున్నా వచ్చేది. పొడి దగ్గు. వేళ్ల కొసలు ఉబ్బి గోళ్లు వంపు తిరిగాయి. మనిషి సగమయ్యాడు. సేటు తన జీపులో ఎక్కించుకుని నిజామాబాదులో పెద్ద డాక్టరుకు చూపించుకొచ్చాడు. "ఎంత ధర్మాత్ముడే!" అని అవ్వ కళ్లనీళ్లు పెట్టుకుంది. జీపు దిగుతూనే సేటు మా వాడకట్టు నడుమ నిలబడి, ముక్కుకు పైపంచె అడ్డం పెట్టుకుని, అందరికీ వినబడేలా చెప్పాడు.

"టీబీ. దూరముండుండ్రి. పిలగాండ్లను దగ్గరికి రానియ్యకుండ్రి."

బాపు జీపులో వెనక సీటులో కూర్చుని తల వంచుకున్నాడు. డాక్టరు ఆయనతో ఏమీ అనలేదట, అంతా సేటుతోనే మాట్లాడాడట.

ఆ మాటతో మా ఇల్లు వెలి అయిపోయింది. చేదబావి దగ్గరికి అవ్వ పోతే ఆడవాళ్లు బిందెలు తీసుకుని తప్పుకునేవారు. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల పలక ఎత్తుకుని వేరే వరసకు పోయింది. అన్నను మంగలి కూడా కూర్చోబెట్టుకోలేదు. బాపు మంచాన్ని ఇంటి వెనక కట్టెల కొట్టంలో వేశారు. పళ్లెం వేరు, చెంబు వేరు. అవ్వ గంజి గిన్నె కొట్టం గడప లోపలికి నెట్టి వెనక్కి జరిగేది. నేను కిటికీ దగ్గరికి పోతే అవ్వ జుట్టు పట్టి గుంజి కొట్టేది, కొట్టి తనే ఏడ్చేది. సేటు మాట మీద కాంపౌండరు వచ్చి టీబీ సూదులు వేసేవాడు. అవి పని చెయ్యలేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బాపు ఆ కొట్టంలోనే పోయాడు. మొయ్యడానికి కూడా నలుగురు దొరకడం కష్టమైంది. బాపుతో రేకులు కప్పిన చాచా ఒక్కడు ముందుకొచ్చి, "మేరా యార్ రా" అని ఏడుస్తూ భుజం పట్టాడు.

బాపు పోయాక అన్న చదువు మానేసి అదే రంపం పట్టాడు. పని ఇచ్చింది మళ్లీ ఆ సేటే. నన్ను నర్సు చదివించింది అన్నే. ఆ రుణం నాకు ఎప్పటికీ తీరేది కాదు, కాబట్టి నా మాటల్లో ఉన్న కోపం అంతా అన్న కోసమే అని కూడా ఇక్కడే చెబుతున్నాను.

హైదరాబాదులో ట్రైనింగు చివరి ఏడు నన్ను ఛాతీ రోగుల వార్డులో వేశారు. అక్కడ ఒక డాక్టరమ్మ ఉండేది. సన్నటి మనిషి, మాట కర్కశం, చెయ్యి మెత్తన. ఒకరోజు ఒక రోగి ఎక్స్‌రే కిటికీ వెలుగుకు పట్టి మమ్మల్ని పిలిచింది. ఊపిరితిత్తుల కింది భాగమంతా గీతలు గీతలుగా ఉంది. "ఏం పని జేస్తవయ్యా?" అని ఆ రోగిని అడిగింది. "సిమెంటు రేకులు కోస్తనమ్మా" అన్నాడు. అతని వేళ్ల కొసలు ఉబ్బి, గోళ్లు వంపు తిరిగి ఉన్నాయి. అచ్చం బాపు వేళ్లే.

ఆమె చెప్పింది ఇది. ఆ రేకుల్లో సిమెంటుతో పాటు రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, ఉంటుంది. రేకు గట్టిగా, ఎవరూ ముట్టకుండా పైన ఉన్నంత కాలం ఆ నార సిమెంటులో ఇరుక్కుని ఉంటుంది. కోసినా, పగలగొట్టినా, పొడిగా గీకినా, ఎండకూ వానకూ పాతబడి పైపొర పొట్టు రాలినా అది గాలిలోకి లేస్తుంది. కంటికి కనబడనంత సన్నం. ఊపిరితిత్తుల అడుగుకు పోయి గుచ్చుకుంటుంది, దగ్గితే రాదు, కరగదు. పదిహేనేళ్లకో ఇరవై ఏళ్లకో ఊపిరితిత్తి గట్టిపడుతుంది. కొందరికి కాన్సరు వస్తుంది. పనివాళ్ల బట్టలు దులిపే ఇంటివాళ్లకు కూడా ముప్పే. మందు లేదు, మళ్లీ లోపలికి పోకుండా చూసుకోవడమే ఉంది.

"ఇది అంటుకుంటదా మేడమ్?" అని అడిగాను.

"మనిషి నుంచి మనిషికి అంటదు. టీబీ అని పొరబడి వీళ్లను వెలేస్తరు, అది ఇంకో పాపం" అంది.

సెలవుకు ఇంటికి వచ్చి అవ్వకు చెప్పాను. అవ్వ నమ్మలేదు. "నిజామాబాదు డాక్టరు టీబీ అన్నడని సేటు జెప్పె గదనే. ఆయనకు అబద్ధమాడవట్టిన కర్మేంది?" అంది. నా దగ్గర ఏం రుజువు ఉంది? బాపు ఎక్స్‌రే లేదు, ఆ డాక్టరు బదిలీ అయి పోయాడు. కడుపులో మంట మాత్రం ఆరలేదు.

నిజామాబాదులో నాకు ఉద్యోగం వచ్చింది. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి బోధన్ వచ్చేదాన్ని. వచ్చినప్పుడల్లా అన్నతో ఒకటే పోరు, ఆ పని మాను అని. "మానేస్తే పొయ్యిల పిల్లి లేస్తదా?" అనేవాడు. వదిన కూడా వాడి వైపే. పోనీ కోసేటప్పుడు నీళ్లు చల్లుకో, బట్టలు దులపకుండా తడిపి ఉతకండి అని బతిమాలితే, ఆ రెండోది వదిన చేసింది. మొదటిది అన్న ఎప్పుడూ చెయ్యలేదు. సేటు ఊరుకోడట.

డెబ్బైల నడుమ ఒక ఎండాకాలం రాళ్లవాన పడింది. సేటు గోదాము రేకులు చాలా పగిలాయి, మిగిలినవి నెర్రెలు బారాయి. పాతవన్నీ తీసేసి జింకు రేకులు వెయ్యాలని సేటు నిశ్చయించాడు. జింకు రేకులు లోహం, అందులో నార ఉండదు, అంచు తగిలితే చెయ్యి కోసుకుపోతుందేమో కానీ ఊపిరి కొయ్యదు. అందుకు నేను సంతోషించేదాన్నే. కానీ అన్న ఆ సాయంత్రం అన్నం తింటూ తీరుబడిగా చెప్పిన మాటతో నేను ముద్ద పళ్లెంలో పెట్టేశాను.

"రేపు సమ్మెటలతోని పలగ్గొట్టుడే. బోల్టులు తుప్పు పట్టినయ్, ఒక్కొక్కటి ఇప్పుకుంట కూసుంటే నెల పడ్తదన్నడు సేటు. తుక్కంత దంచి గానుగ కాడి బండ్ల బాటల పోయుమంటున్నడు."

"లోపల బెల్లం?"

"ఉన్నది. ధర ఎక్కెదాక కదిలియ్యడట. మీద తాటిపత్రి పట్టాలు కప్పిండ్రు. నీళ్ల సుక్క పడొద్దన్నడు."

"అన్నా, నువ్వెక్కకు. బాపును తిన్నయే అవి. ఇరవై ఏండ్ల పాతవి, పొట్టు రాలుతున్నయ్. దంచితే ఒక్క దినంల బాపు ఏడాది మింగిన దుమ్ము మింగుతవ్."

"బాపుకు టీబీ" అన్నాడు అన్న, తల ఎత్తకుండా. ఆ తర్వాత దగ్గాడు. పొడి దగ్గు. అవ్వ చప్పున అన్న వైపు చూసింది. నాకు ఆ చూపు ఇప్పటికీ కనబడుతుంది. నా అన్నను కూడా ఆ కొట్టంలో వెయ్యనివ్వను అని నేను అప్పుడే అనుకున్నాను.

తెల్లారి నేను ఎడపల్లి బాట పట్టి గోదాముకు చేరేసరికే సమ్మెట చప్పుడు వినిపిస్తోంది. అన్న, చాచా, ఇంకో ఇద్దరు కూలీలు పైన ఉన్నారు. ఒక మూల రేకులు అప్పుడే కూలిపోయాయి. ఎండలో తెల్లటి దుమ్ము నిలబడి ఉంది. వాకిట్లో ఆడవాళ్లు తుక్కును గంపలకు ఎత్తుతున్నారు, చీపుర్లతో పొడిపొడిగా ఊడుస్తున్నారు. సేటు వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, గాలివాటం చూసుకుని, పైపంచె ముక్కుకు కట్టుకుని కూర్చున్నాడు. తన ముక్కుకు మాత్రం తెలుసన్నమాట!

"అన్నా, దిగు!" అని అరిచాను.

"పో చెల్లె, పని కాన్నియ్" అన్నాడు.

సేటు నవ్వాడు. "ఏంది బిడ్డ, సూదులిచ్చుడు బందు వెట్టి రేకుల గుత్త పట్టినవా?"

"సేటూ, నీళ్లు కొట్టి తీయించు. బోల్టు ఇప్పితే రేకు నిండుగ దిగుతది. బెల్లం ముందుగాల బయటికి తీయించు. గా దుమ్ము నీ బెల్లంల కూడ పడ్తున్నది, రేపు జనం తింటరు."

"బెల్లం తియ్యను. నీళ్లు కొట్టను. నీకు అంత బాధుంటే ఇంటికి వొయ్యి అన్నం వండు."

ఇంటికి పోయి అన్నం వండాలట! అప్పుడు నా లోపల ఏదో తెగింది. గోదాము పక్కనే అతని చెరుకు తోట. బావి మీద కరెంటు మోటారు, దాని నుంచి నారుమడి దాకా పరిచిన గుడ్డ పైపు. నేను తోటలోకి పోయి ఆ పైపు కొస భుజాన వేసుకుని వచ్చాను. చీర కొంగు నడుముకు చెక్కి నిచ్చెన ఎక్కాను. సేటుకు ఇంకా అర్థం కాలేదు, ఏదో పిచ్చిది అనుకుంటున్నాడు. పైపు కొసను కప్పు నెత్తి మీద వాసానికి తాడుతో గట్టిగా కట్టాను.

"అన్నా, చాచా, దిగుండ్రి. నీళ్లొస్తే పాకురు జారుతది, కాళ్లు ఇరుగుతయ్."

చాచా నా ముఖం చూశాడు. ఏం చూశాడో ఏమో, "అరె చలో భయ్, దిగుండ్రి" అని ముందు తను దిగాడు. కూలీలు దిగారు. అన్న దిగలేదు. సమ్మెట పట్టుకుని నిలబడ్డాడు.

"నా పని పోతది చెల్లె" అన్నాడు. ఏడుపు గొంతు.

"పని పోతే ఇంకోటి దొరుకుతది. నువ్వు పోతే నాకు ఇంకో అన్న యాడ దొరుకుతడు?"

అన్న సమ్మెట అక్కడే వదిలి దిగాడు. నేను కూడా దిగి, పరుగున పోయి మోటారు స్టార్టరు పచ్చ బొత్తాం నొక్కాను.

గుడ్డ పైపు ఉబ్బింది. నీళ్లు కప్పు మీద పారాయి, రేకుల అలల వెంబడి జారాయి. లేచిన దుమ్ము అణిగింది. ఎన్నేళ్లుగా దాహంతో ఉన్నాయో ఆ రేకులు, పీల్చుకున్నంత పీల్చుకుని నల్లబడ్డాయి. మిగిలిన నీళ్లు బోల్టు సందుల్లోంచి, నెర్రెల్లోంచి, కూలిన మూలలోంచి లోపలికి దిగాయి. తాటిపత్రీలకు చిల్లులు లేకపోతే కదా ఆగడానికి! లోపల టపటపమని చప్పుడు. కాసేపటికి తలుపు కింద నుంచి నల్లటి పానకం పారింది. చీమల కంటే ముందు నేను దాన్ని చూసి సంతోషించాను. దాపరికం దేనికి, నా కడుపు చల్లబడింది.

"నా బెల్లం! నా బెల్లం!" అని సేటు కుర్చీ తన్నేసి లేచాడు. ధోవతి తట్టుకుని పడబోయాడు. మోటారు దగ్గరికి వస్తే నేను స్టార్టరుకు అడ్డం నిలబడ్డాను. వెనక చాచా, అన్న వచ్చి నిలబడ్డారు.

"నీ చేతులు ఇరుగ! నీ నోట్లె మన్నువడ! మీ అయ్యకు ఎన్ని జేసిన నేను! పని ఇచ్చిన. రోగమొస్తే నా జీపుల ఎక్కిచ్చుకోని పెద్ద డాక్టరుకు సూపిచ్చిన. ఎవడు సూపిస్తడు గట్ల?"

"సూపిచ్చినవ్. మరి డాక్టరేమన్నడు?"

"ఏమన్నడు? గీ పని మాన్పియ్యమన్నడు! మాన్పిచ్చిన గదా! తెల్లారి నుంచే మాన్పిచ్చిన!"

గంపలు ఎత్తుతున్న ఆడవాళ్లు ఇటు తిరిగారు.

"టీబీకి గీ పనే మాన్పియ్యమంటరా?" అన్నాను మెల్లగా. "మందులు మింగి పండుమంటరు. రేకుల పనే ఎందుకు మానాలె? డాక్టరు ఏ రోగమన్నడు?"

అప్పటికి అన్నకు అర్థమైంది. అన్న ఎప్పుడూ గొంతు ఎత్తేవాడు కాదు, అప్పుడు కూడా ఎత్తలేదు. దగ్గరికి పోయి, "సేటూ, డాక్టరు టీబీ అన్నడా, అనలేదా?" అని అడిగాడు.

"కళ్లెల క్రిములు లేవన్నడు" అన్నాడు సేటు. చూపు బెల్లం పానకం మీదే ఉంది. "దుమ్ము రోగమన్నడు. రేకుల దుమ్ము."

"మరి టీబీ అని ఎందుకు జెప్పినవ్?"

"ఏమని చెప్పాలె రా మరి? రేకులతోని వొచ్చిందంటే తెల్లారి ఒక్కడన్న నిచ్చెన ఎక్కుతడా? నా గుత్తలు ఏం గావాలె?"

పాపిష్టివాడు! అందులో సిగ్గు కూడా లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. గంపలు పట్టుకున్న ఆడవాళ్లు గంపలు దించేశారు. వాళ్లలో ఒకామె మా బావి దగ్గర బిందె తీసుకుని తప్పుకున్నామె. ఆమె నా ముఖం చూడలేకపోయింది.

అన్న సేటు అంగీ పట్టుకుంటాడనుకున్నాను. కొడతాడనుకున్నాను, కొట్టాలని కోరుకున్నాను. అన్న ఒక్క మాట అన్నాడు. "గిప్పుడు అన్నది మా వాడకట్టుల నిలవడి అను. జీపు దిగి ఎక్కడ అన్నవో గాడనే. అంటే మిగిలిన రేకులు దించుత. లేకుంటే కప్పు గిట్లనే ఉంటది, వానకు బెల్లమంత కాలువలకు పోతది."

సేటు ఆకాశం వైపు చూశాడు, తలుపు కింద పారే పానకం చూశాడు. పోయి అన్నాడు. మధ్యాహ్నం వేళ, పదిమందిలో, నేల చూపులు చూస్తూ అన్నాడు. "మీ అయ్యకు టీబీ లేకుండె." నేను పక్కనే ఉండి, ఇంకా గట్టిగా అనమన్నాను. అన్నాడు. ఇంకోసారి అనమన్నాను. మళ్లీ అన్నాడు. అవ్వ ఆ వేళకు కూలికి పోయింది, ఇంట్లో లేదు.

అప్పుడు రేకులు సరిగ్గా దించాం, వారం దినాలు పట్టింది. నేను నిలబడి చేయించాను. సేటు కూలీలతో మిగిలిన బెల్లం బయటికి మోయించాడు, దుమ్ము పడినదీ తడిసినదీ గుంత తీయించి పూడ్పించాను, కళ్లముందే. కప్పు మీద జారకుండా వాసాల వెంబడి పలకలు పరిచారు. అడుగు వైపు కూడా నీళ్లు చల్లారు. తుప్పు పట్టిన బోల్టులను కింది నుంచి రంపపు బ్లేడుతో కోశారు, రేకును కొయ్యలేదు. రేకు ఒక్కొక్కటి తాళ్లతో నిండుగా, పాపను దించినట్టు దించారు. ముక్కలైన వాటిని తడి గోనెల్లో మూటగట్టారు. వాకిలి ఊడ్వలేదు, తడి గుడ్డలతో ఎత్తి ఆ గుడ్డలను కూడా మూటల్లోనే వేశారు. అన్నీ బావులకు దూరంగా మొరం గుంతలో లోతుగా పూడ్చి, పైన మట్టి కప్పారు. బండ్ల బాటలో ఒక్క పెళ్ల పడలేదు. అందరం ముక్కులకు తడి రుమాళ్లు కట్టుకున్నాం కానీ, అంత సన్నటి నారను రుమాలు ఆపదు. దానికి వేరే మాస్కు ఉంటుందని నేను చదివాను, మా ఊళ్లో ఎవరూ చూడలేదు. ఉన్నదాంట్లో నీళ్లే మాకు అండ. ఇప్పుడైతే రంగు వేసిన ఉక్కు రేకులూ, రాతినార కలవని సిమెంటు రేకులూ దొరుకుతున్నాయి, తీసేవాళ్లకు ఒంటి నిండా కప్పే బట్టలున్నాయి. అయినా ఇవాళ్టికీ సమ్మెటతోనే పగలగొట్టే ఇళ్లు చూస్తుంటాను. ఆగి తిట్టకుండా ముందుకు పోలేను.

సేటు తర్వాత అన్నకు పని ఇవ్వలేదు. చాచాకూ ఇవ్వలేదు. వాళ్లిద్దరూ కలిసి మంగళూరు పెంకుల పని నేర్చుకున్నారు. అన్న దగ్గు ముదురుతుందేమోనని నేను ప్రతి ఏడూ ఎక్స్‌రే తీయించి చూస్తూ వచ్చాను.

సేటు చేత వాడకట్టులో అనిపించిన ఆ సాయంత్రం నేను తడి చీరతోనే ఇంటికి వచ్చాను. గెలిచిన దానిలా వచ్చాను. అవ్వకు అప్పటికే వాడకట్టు ఆడవాళ్లు చెప్పేశారు. ఇంటి వెనక కట్టెల కొట్టం గడప మీద కూర్చుని ఉంది.

"అవ్వా, విన్నవా? వాని నోటితోనే అనిపిచ్చిన. బాపుకు టీబీ లేకుండె. వాని బెల్లం నీళ్లపాలు జేసిన."

అవ్వ నా వైపు చూడలేదు.

"అంటుకునేది కాదా?" అని అడిగింది.

"కాదవ్వా. ఎన్నటికీ కాదు."

"ఆఖరు దినాన పిలిచిండే మీ బాపు" అంది అవ్వ. "ఊపిరి ఆడుతలేదు, జెర ఈపు నిమురుమన్నడు. మీకు అంటుతదని నేను లోపలికి వోలే. గీ గడప కాన్నే నిలవడ్డ. రెండుసార్లు పిలిచిండు. గొంతు వోయినంక చెయ్యి ఊపి పిలిచిండు. నేను వోలే బిడ్డ."

వెళ్లి ఆమె పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. బెల్లం పారిన పొద్దున్నుంచీ నాకు పగ తీరిందనే అనుకున్నాను. ఆ గోదాము గోడలతో సహా కూల్చినా తీరదని అప్పుడు తెలిసింది.